ముఖం మార్చిన వీడియో: వ్యంగ్యం ఎక్కడిదాకా, మోసం ఎక్కడి నుంచి

పేరున్న నాయకుడి ముఖాన్నో గొంతునో తెచ్చి మరొకరి ఒంటికి అతికించి నవ్వించే వీడియోలను ఇప్పుడు ఫోన్ ఉన్నవాళ్లెవరైనా తయారు చేయగలరు. 2017 వరకూ ఇది సినిమా స్టూడియోల్లో గ్రాఫిక్స్ నిపుణులు చేసే పని. ఆ ఏడాది చివర్లో ముఖాలు మార్చే సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకడం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు గొంతును అనుకరించే సాఫ్ట్‌వేర్ కూడా అంతే తేలికగా అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి వీడియోలన్నీ మోసాలు కావు. వీటిలో చాలా భాగం అచ్చమైన వెటకారమే, ఎవరికీ హాని చేయనివే. అయితే వీటిలో కొన్ని చేసినవారి ఉద్దేశంతో పని లేకుండా జనాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఏ వీడియో ఎందుకు గీత దాటుతుందో తెలిస్తేనే, దానిమీద ఏం రాయాలో, ఎక్కడ రాయాలో తేలుతుంది.

ముందుగా, మార్పిడి అనే పేరు కింద మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. ఒకటి, వేరొకరి శరీరానికి నాయకుడి ముఖం పెట్టడం. రెండు, నాయకుడి అసలు దృశ్యాలను అలాగే ఉంచి, వాటిమీద తయారు చేసిన గొంతు వినిపించడం. మూడు, ముఖం, గొంతు, పెదవుల కదలిక అన్నీ కలిపి, ఎన్నడూ జరగని ప్రసంగాన్ని పుట్టించడం. చూడటానికి మొదటిదే పెద్ద మార్పు అనిపిస్తుంది. నిజానికి జనం ఎక్కువగా పొరబడేది రెండోదాంట్లో. దృశ్యం అసలుదే కాబట్టి అనుమానించడానికి కంటికి ఏ ఆధారమూ దొరకదు. చెవికి అలవాటైన గొంతు వినిపించగానే ఆ మాటలు ఆ మనిషివేనని మనసు ఒప్పుకుంటుంది.

నవ్వే గుర్తుగా నిలిచే చోటు

2024 మే నెలలో, లోక్‌సభ ఎన్నికలు జరుగుతుండగా, దాదాపు ఒకేలాంటి రెండు వీడియోలు ఎక్స్‌లో తిరిగాయి. అమెరికా ర్యాపర్ లిల్ యాటీ వేదికమీదికి ఊగుతూ నడిచి వచ్చే దృశ్యం ఒకటి అప్పటికే ప్రపంచమంతా తెలిసినది. దానికి ఎవరో ప్రధాని నరేంద్ర మోదీ ముఖం పెట్టారు. ఇంకొకరు మమతా బెనర్జీ ముఖం పెట్టి అలాంటిదే చేశారు. మోదీ తన వీడియోను స్వయంగా పంచుకుని, తనకూ సరదాగా అనిపించిందని రాశారు. మమత వీడియో పెట్టిన వ్యక్తిని మాత్రం కోల్‌కతా పోలీసులు పేరు, చిరునామా చెప్పమని అడిగారు.

రెండు వీడియోల్లోనూ వాడిన పద్ధతి ఒకటే, రెండింటిలోనూ ముఖ్య నాయకులే ఉన్నారు. చూసినవాడు ఏమనుకుంటాడు అన్న కొలతతో చూస్తే ఈ రెండూ ఎవరినీ మోసం చేయలేవు. ఎన్నికల మధ్యలో ప్రధాని కచేరీ వేదికమీద ర్యాప్ సంగీతానికి ఊగుతూ కనిపించడం ఎంత అసంభవమంటే, ఆ అసంభవమే చూసేవాడికి ఇది వేళాకోళమని చెప్పేస్తుంది. పైగా అందులో ఒక్క మాట కూడా నాయకుడి నోట పలికించలేదు. ఒక ప్రకటన లేదు, ఒక హామీ లేదు, ఎవరిమీదా ఆరోపణ లేదు. నమ్మినా నమ్మకపోయినా చూసినవాడు మర్నాడు చేయవలసిన పని ఏదీ ఉండదు.

తెలుగునాట పాత వినోదాల్లో కూడా ఈ రక్షణ ఉండేది. పగటివేషగాడు పట్టపగలు వీధిలోకి వస్తాడు. వేషం వేషమని ఊరందరికీ తెలుసు. వరంగల్‌కు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ వేదికమీద ఎంతమంది గొంతులు పలికించినా ఎదుట నిలబడి కనిపించేది వేణుమాధవే. గొంతు ఎంత అచ్చుగుద్దినట్టు ఉన్నా, అరువు తెచ్చుకున్న గొంతు అనే సంగతి ఆ మనిషి ముఖంలోనే తెలిసిపోయేది. అనుకరించేవాడు కనబడుతూ ఉండటమే అక్కడి గుర్తు. ఫోన్ తెరమీద మొదట మాయమయ్యేది ఆ అనుకరించేవాడే. ఆ ఖాళీని నింపడానికే రాతపూర్వకమైన గుర్తు అవసరమవుతోంది.

నమ్మదగిన మాట, సరైన సమయం

ఇటలీలో 2019 సెప్టెంబరులో జరిగినది ఇందుకు పూర్తిగా భిన్నమైన కథ. కనాలె 5 టీవీలో ఏళ్ల తరబడి నడుస్తున్న 'స్ట్రిష్యా లా నోటీట్సియా' అనే వ్యంగ్య కార్యక్రమం మాజీ ప్రధాని మత్తేయో రెన్జీ ముఖంతో ఒక వీడియో ప్రసారం చేసింది. కెమెరా నడుస్తున్న సంగతి తెలియక ఆయన తోటి నాయకుల గురించి అసభ్యమైన సైగలు చేస్తూ నోరు జారినట్టు అందులో చూపించారు. ఆ కార్యక్రమం రోజూ చూసేవాళ్లకు అది ఆటపట్టింపు అని అర్థమైంది. క్లిప్ సామాజిక మాధ్యమాలకు చేరిన తర్వాత దాన్ని నిజమనుకుని రెన్జీని తిట్టినవారు చాలామంది ఉన్నారు.

ఎందుకు నమ్మారు? ఆ వీడియోకు వారం ముందే రెన్జీ తన పాత పార్టీని వీడి కొత్త పార్టీ ప్రకటించారు. పాత సహచరులమీద ఆయనకు కోపం ఉంటుందని జనం అనుకుంటున్న సమయమది. చాటుగా తీసినట్టు కనిపించే దృశ్యమంటే చూసేవాడు మామూలుగానే ఎక్కువ నమ్ముతాడు. దానికితోడు టీవీ కార్యక్రమం పేరు, వ్యాఖ్యాతల నవ్వులు, స్టూడియో హడావుడి క్లిప్‌తోపాటు ప్రయాణం చేయలేదు. అతిశయోక్తి తక్కువగా ఉండటం, నిజంగా జరిగే వీలు ఉండటం, చుట్టూ ఉన్న సందర్భం ఊడిపోవడం, ఈ మూడూ కలిసిన చోట వ్యంగ్యం వార్తగా మారిపోతుంది.

ఈ తేడాను ఒక ఊహా ఉదాహరణతో దగ్గరగా చూడవచ్చు. వానాకాలంలో ఒక నగరంలో రోడ్లు చెరువులయ్యాయనుకుందాం. ఒక హాస్య బృందం పురపాలక మంత్రి ముఖాన్ని పడవ నడిపేవాడికి పెట్టి, కూడలిలో తెడ్డు వేస్తూ వెళ్తున్నట్టు చూపిస్తుంది. చెప్పదలచిన విమర్శ సూటిగా తగులుతుంది, మంత్రి నిజంగా పడవ నడిపారని ఎవరూ అనుకోరు. అదే బృందం రెండో వీడియో చేస్తుంది. ఈసారి మంత్రి విలేకరుల సమావేశంలో మైకుల ముందు కూర్చుని, గుంతలు పూడ్చేందుకు ఇంటి పన్ను వచ్చే నెల నుంచి రెట్టింపు చేస్తున్నామని తన సొంత గొంతుతో చెబుతారు. ఇందులోనూ ఉద్దేశం వెటకారమే. ఇది చూసిన ఇంటి యజమాని మాత్రం పన్ను కార్యాలయానికి పరుగెత్తవచ్చు, అద్దె పెంచవచ్చు, పక్కింటివాళ్లకు ఫార్వర్డ్ చేయవచ్చు. నమ్మినవాడు ఏదో ఒక పని చేసే అవకాశం ఉందా అన్నదే ఇక్కడ అసలు పరీక్ష. ఓటు, పన్ను, పరీక్ష తేదీ, మందు, బ్యాంకు, మతం, కులం, ఘర్షణ వంటి విషయాల్లో నాయకుడి నోట కొత్త మాట పలికిస్తే వ్యంగ్యానికి ఉండే రక్షణ చాలా పలచబడిపోతుంది.

సమయం కూడా అంతే ముఖ్యం. 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజున, బీఆర్ఎస్ నేత కె.టి. రామారావు ప్రత్యర్థి పార్టీకి ఓటెయ్యమని అడుగుతున్నట్టున్న కొన్ని సెకన్ల నకిలీ క్లిప్ చక్కర్లు కొట్టింది. అందులో నవ్వించే అంశం ఏదీ లేదు. ఒకవేళ దాన్ని ఎవరైనా జోక్ అని సమర్థించుకోవాలనుకున్నా, పోలింగ్ గంటల్లో ఖండన జనానికి చేరే వ్యవధి ఉండదు. మామూలు రోజుల్లో కాసేపటికి సర్దుకునే పొరపాటు ఆ రోజు సర్దుకోదు.

లేబుల్ ఉన్నా చేరకపోతే: హ్యారిస్ వీడియో

వ్యంగ్యమని రాసి ఉండి కూడా ఎలా విఫలమవుతుందో చూపించే అతి స్పష్టమైన ఉదాహరణ 2024 జులైలో అమెరికాలో జరిగింది. అధ్యక్ష పోటీ నుంచి జో బైడెన్ ఆ నెల 21న తప్పుకున్నారు. కమలా హ్యారిస్ పోటీలోకి వచ్చారు. కొన్ని రోజులకే ఒక యూట్యూబర్ ఆమె అసలు ప్రచార ప్రకటనలోని దృశ్యాలనే ఎక్కువగా తీసుకుని, వెనకాల ఆమె గొంతును పోలిన కంప్యూటర్ గొంతుతో తనను తానే ఎద్దేవా చేసుకుంటున్నట్టు, బైడెన్‌ను తక్కువ చేస్తున్నట్టు మాటలు చెప్పించాడు. శీర్షికలో మాత్రం అది ప్రచార ప్రకటనకు పేరడీ అని రాశాడు.

జులై 26న ఎక్స్ యజమాని ఎలాన్ మస్క్ ఆ వీడియోను తన ఖాతాలో పంచుకున్నారు. అద్భుతంగా ఉందన్న అర్థంలో ఒక చిన్న వ్యాఖ్య, నవ్వే బొమ్మ తప్ప ఇంకేమీ రాయలేదు. పేరడీ అన్న మాట మొదట పెట్టిన వ్యక్తి పోస్టులోనే ఆగిపోయింది. మస్క్ పోస్టు పది కోట్లకు పైగా వీక్షణలు పొందింది. విమర్శలు వచ్చాక, అమెరికాలో పేరడీ చట్టబద్ధమేనని ఆయన సమాధానం చెప్పారు.

ఈ ఘటనలో ఒక్కొక్క అడుగూ గమనించదగ్గదే. చేసినవాడు లేబుల్ పెట్టాడు. అది అబద్ధమూ కాదు. ఆ లేబుల్ వీడియో లోపల లేదు, శీర్షికలో ఉంది. వీడియో ఇంకొక ఖాతాలోకి వెళ్లినప్పుడు శీర్షిక వెంట వెళ్లలేదు. దృశ్యాలు నిజమైనవి, గొంతు దాదాపు నిజమైనది. మాటల్లో అతిశయోక్తి ఉంది, అమెరికా రాజకీయాలు తెలిసినవాడు మొదటి వాక్యానికే పసిగట్టగలడు. దేశం బయట ఉన్నవాడు, ఇంగ్లీషు సగం సగం అర్థమయ్యేవాడు, రీల్స్ దొర్లిస్తూ ఐదు సెకన్లు మాత్రమే చూసేవాడు పసిగట్టలేకపోవచ్చు. లేబుల్ అవసరమైనది సరిగ్గా వాళ్లకే, అది చేరనిదీ వాళ్లకే.

నాలుగేళ్ల ముందు, 2020లో, బ్రిటన్‌లోని చానెల్ 4 తన క్రిస్మస్ సందేశంగా ఎలిజబెత్ రాణి డీప్‌ఫేక్‌ను ప్రసారం చేసింది. నటి డెబ్రా స్టీఫెన్సన్ రాణిగా నటించింది. చివర్లో ఆ మాయ అంతా విప్పి చూపించారు. మొత్తం చూసినవారికి అది చక్కటి పాఠం. మధ్యలోంచి ఇరవై సెకన్లు కత్తిరించుకున్నవాడి దగ్గర ఆ విప్పి చూపించడం మిగలదు. చివరి అట్టమీద రాసే లేబుల్ ప్రసారానికి సరిపోతుంది, పంచుకోవడానికి సరిపోదు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

లేబుళ్ల గురించి చర్చలో ఎక్కువగా కలిసిపోయేవి రెండు విషయాలు: ఎలా తయారైంది, ఎందుకు తయారైంది. ఏఐతో చేసినది అని రాస్తే మొదటి ప్రశ్నకే జవాబు వస్తుంది. 2023 డిసెంబరులో వారణాసిలో కాశీ తమిళ సంగమంలో మోదీ హిందీలో మాట్లాడుతుంటే, ఏఐ అనువాదంతో తమిళులు తమ భాషలో విన్నారు. వారికి వినిపించిన గొంతు యంత్రానిదే అయినా, చెప్పిన విషయం ఆయనదే. ఒక హాస్య వీడియోలో కూడా ఏఐ గొంతే ఉంటుంది, అక్కడ మాటలు ఆయనవి కావు. రెండింటిమీదా ఏఐ అన్న ఒకే ముద్ర వేస్తే, ఏ మాటను నమ్మాలో, ఏది నవ్వి వదిలేయాలో చూసేవాడికి తెలియదు.

ఏఐ ఊసే లేని మోసాలూ ఉన్నాయి. 2019 మేలో అమెరికా సభాపతి నాన్సీ పెలోసీ మాట్లాడిన అసలు వీడియో వేగాన్ని తగ్గించి, ఆమె మాట తడబడుతున్నట్టు చూపించారు. అందులో ముఖమూ గొంతూ ఆమెవే, మాటలూ ఆమెవే. కాబట్టి మంచి లేబుల్ మూడు సంగతులు చెప్పాలి. ఇది నవ్వించడానికి చేసినది. ఇందులో మార్చినది ఫలానాది. ఈ మాట గానీ పని గానీ ఆ వ్యక్తిది కాదు.

తేలిక మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది: "ఇది వ్యంగ్యం. మంత్రిగారి ముఖం, గొంతు కంప్యూటర్‌తో పెట్టినవి. ఆయన ఈ మాటలు అనలేదు." చోటు తక్కువైతే "వ్యంగ్యం – ఆయన ఈ మాట అనలేదు" చాలు. కేవలం వినోదం కోసం అని రాయడం దీనికి బదులు కాదు. సినిమా వినోదమే, టీవీ చర్చ కూడా వినోదమే. ఆ మాట చేసినవాడి ఉద్దేశాన్ని చెబుతుంది తప్ప, చూస్తున్నది జరగలేదని చెప్పదు. హ్యాష్‌ట్యాగుల వరుసలో ఎనిమిదో చోట ఇంగ్లీషులో పేరడీ అని పెట్టడం కూడా అంతే. తెలుగు వీడియోకు లేబుల్ తెలుగు లిపిలోనే ఉండాలి. చదవడం రానివారు, వంట చేస్తూ ఫోన్ పక్కన పెట్టి వినేవారు ఉన్నారు కాబట్టి, గొంతు మార్చిన వీడియోలో ఆ మాటను నోటితో కూడా చెప్పాలి.

అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కెల్లీ గారెట్, షానన్ పౌల్సన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ సూటిదనానికి బలం చేకూర్చింది. అబద్ధపు పోస్టులమీద వేర్వేరు హెచ్చరికలు పెట్టి వారు పోల్చి చూశారు. నిజనిర్ధారకులు అబద్ధమన్నారని చెప్పే హెచ్చరిక కన్నా, ప్రచురించినవారే తమది హాస్యమని చెప్పుకుంటున్నారన్న హెచ్చరిక జనం నమ్మకాన్ని ఎక్కువగా తగ్గించింది. చేసినవాడే ఇది జోక్ అని ఒప్పుకుంటే, వాదించడానికి ఎవరికీ ఏమీ మిగలదు.

తెరమీద ఎక్కడ, ఎంతసేపు

పైన చెప్పుకున్న పన్ను వీడియోనే నలభై సెకన్ల నిలువు రీల్‌గా తీసుకుందాం. సాధారణంగా ఇలాంటి వీడియో 1080 పిక్సెళ్ల వెడల్పు, 1920 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. లేబుల్‌ను ఎక్కడ పెట్టాలన్నది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, చాలా లేబుళ్లు దెబ్బతినేది ఇక్కడే. అడుగున పెడితే ఖాతా పేరు, క్యాప్షన్ దాన్ని కప్పేస్తాయి. కుడివైపు అంచున లైకు, కామెంటు గుర్తులు ఉంటాయి. పై అంచున కొన్ని యాప్‌లు తమ మెనూ చూపిస్తాయి. పైగా, అంచున ఉన్న పట్టీని కత్తిరించడం ఎవరికైనా రెండు వేళ్ల పని.

అందుకని లేబుల్ ఉండవలసినది మాట్లాడే మనిషి గడ్డం కింద, ఛాతీ మీదుగా అడ్డంగా వెళ్లే పట్టీలో. దాన్ని కత్తిరించాలంటే మనిషినే కత్తిరించాలి. ముఖం తెరిచే ఉంటుంది కాబట్టి నవ్వు చెడదు. ముదురు రంగు పట్టీమీద తెల్లటి అక్షరాలు వాడితే, వెనకాల ఏ రంగు వచ్చినా చదవగలుగుతారు. మిగతా ఉపశీర్షికలు ఏ సైజులో ఉంటే లేబుల్ కూడా కనీసం అదే సైజులో ఉండాలి. ఈ పట్టీ మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ వరకూ కదలకుండా ఉండాలి. మొదటి మూడు సెకన్లు మాత్రమే చూపిస్తే, పదో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా కత్తిరించినవాడి క్లిప్‌లో అది ఉండదు.

థంబ్‌నెయిల్‌ను మరిచిపోకూడదు. వీడియో తెరవకుండానే బొమ్మనూ శీర్షికనూ చూసి నమ్మేవారు చాలామంది. మంత్రి బొమ్మ, పక్కన "ఇంటి పన్ను రెట్టింపు" అని పెద్ద అక్షరాలు ఉంటే, లోపల ఎంత నిజాయతీగా లేబుల్ పెట్టినా ఆ థంబ్‌నెయిల్ వార్తగానే తిరుగుతుంది. శీర్షికలో వ్యంగ్యం అన్న మాట మొదట్లోనే రావాలి. చివర పెడితే ఫోన్ తెరమీద చుక్కల వెనక దాక్కుంటుంది. ఎక్స్ కూడా ఇదే కారణంతో నియమం మార్చుకుంది. 2025 ఏప్రిల్ 10 నుంచి పేరడీ ఖాతాలు పేరడీ, ఫేక్ వంటి మాటను పేరు మొదట్లో పెట్టాలని, అసలు వ్యక్తి వాడే ఫొటోనే తామూ వాడకూడదని చెప్పింది.

గొంతు విషయానికి వస్తే, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి "ఇది వ్యంగ్యం" అని అనుకరణ గొంతుతో కాకుండా మామూలు గొంతుతో చెప్పించాలి. నలభై సెకన్లకు మించితే మధ్యలో కూడా ఒకసారి చెప్పాలి. నాయకుడి గొంతుతోనే లేబుల్ చెప్పిస్తే అదీ జోక్‌లో భాగమైపోతుంది. చివరగా, అప్‌లోడ్ చేసేటప్పుడు యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలు మార్చిన వీడియోనా అని అడిగే చోట అవునని గుర్తు పెట్టాలి. ఈ గుర్తు, ఫైల్ లోపల దాచే సాంకేతిక సమాచారం అదనపు రక్షణలు మాత్రమే. స్క్రీన్ రికార్డింగ్ చేసి వాట్సాప్‌లో పంపితే ఆ సమాచారం పోతుంది. బొమ్మలోనే కలిసిపోయిన పట్టీ మిగులుతుంది.

చట్టాలు వేసిన కొలతలు

ఎంత పెద్ద లేబుల్ అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. హ్యారిస్ వీడియో తర్వాత కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ 2024 సెప్టెంబరు 17న ఎన్నికల డీప్‌ఫేక్‌లమీద కొత్త చట్టాలపై సంతకం చేశారు. వాటిలో ఒకటి వ్యంగ్య వీడియోలకు మినహాయింపు ఇస్తూనే, లేబుల్ అక్షరాలు వీడియోలోని అతి పెద్ద అక్షరాల కన్నా చిన్నవి కాకూడదని, వీడియో సాగినంతసేపూ కనబడాలని షరతు పెట్టింది. వీడియో చేసిన యూట్యూబరే కోర్టుకు వెళ్లాడు. ఆ కొలత ప్రకారం పెడితే తన వీడియోలో లేబుల్ దాదాపు తెరనంతా కప్పేస్తుందని వాదించాడు. ఫెడరల్ జడ్జి జాన్ మెండెజ్ అక్టోబరు 2న ఆ చట్టంలోని చాలా భాగాన్ని నిలిపివేశారు. మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేసింది. లేబుల్ అడగడం వేరు, లేబుల్ పేరుతో బొమ్మను చెరిపేయడం వేరు అన్న తేడా ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది.

భారతదేశంలోనూ ఇదే కొలత చర్చకు వచ్చింది. 2025 అక్టోబరులో కేంద్ర ఐటీ శాఖ విడుదల చేసిన ముసాయిదా, ఏఐ దృశ్యాల్లో కనీసం పది శాతం మేర లేబుల్ ఉండాలని, ఆడియోలో మొదటి పది శాతం సమయంలో ప్రకటన వినిపించాలని ప్రతిపాదించింది. అదే నెలలో ఎన్నికల సంఘం పార్టీలకు, అభ్యర్థులకు అదే పది శాతాన్ని సూచిస్తూ, వీడియోల్లో లేబుల్ పైభాగంలో ఉండాలని చెప్పింది. 1080 బై 1920 రీల్‌లో పది శాతమంటే తెర వెడల్పునా 192 పిక్సెళ్ల ఎత్తున్న పట్టీ. ముఖాన్ని మింగకుండా హాయిగా చదవగలిగే కొలతే అది. ఆడియో కొలత మాత్రం బలహీనం. నలభై సెకన్లలో మొదటి నాలుగు సెకన్లు ఎవరైనా కత్తిరించగలరు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన తుది నిబంధనలు పది శాతం లెక్కను వదిలేసి, లేబుల్ ప్రస్ఫుటంగా కనిపించాలని చెప్పాయి.

లేబుల్ చేయలేని పనులు

వ్యంగ్య రచయితల వైపు నుంచి ఒక బలమైన అభ్యంతరం ఉంది. అమెరికా హాస్య పత్రిక 'ది ఆనియన్' 2022లో సుప్రీంకోర్టుకు సమర్పించిన వాదనలో, ఇది జోక్ అని ముందే ప్రకటిస్తే పేరడీ చచ్చిపోతుందని, మొదట నమ్మించి తర్వాత తేల్చడంలోనే దాని బలమని చెప్పింది. ఓహాయోలోని పార్మా పోలీసులను వెక్కిరిస్తూ ఫేస్‌బుక్ పేజీ పెట్టినందుకు అరెస్టయి, తర్వాత నిర్దోషిగా తేలిన వ్యక్తి తరఫున ఆ పత్రిక నిలబడింది. అక్షరాలతో చేసే వ్యంగ్యానికి ఈ వాదన చాలావరకు సరైనదే. పాఠకుడు రెండు మూడు వాక్యాలు చదివి తేరుకుంటాడు. గొంతూ ముఖమూ వాడిన వీడియోలో ఆ తేరుకునే వ్యవధి దొరకదు, ఎందుకంటే అది మాట గురించి చెప్పడం లేదు, సాక్ష్యాన్నే చూపిస్తోంది. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం ఈ రెండింటి మధ్య దారి తీసింది. డీప్‌ఫేక్ అని చెప్పాలి గానీ, స్పష్టంగా కళాత్మకమో వ్యంగ్యాత్మకమో అయిన రచనకు, దాన్ని ఆస్వాదించడానికి అడ్డురాని రీతిలో చెబితే చాలని అంటుంది. పైన చెప్పిన ఛాతీ పట్టీ అలాంటిదే.

లేబుల్ పెట్టినంత మాత్రాన అన్నీ చెల్లవు. నటి ముఖాన్ని అసభ్య దృశ్యానికి అతికించి పక్కన వ్యంగ్యమని రాస్తే, అది ఆమె అనుమతి లేకుండా చేసిన దాడే. నాయకుడి గొంతుతో పెట్టుబడి పథకం అమ్మితే ఏ లేబులూ దాన్ని హాస్యం చేయదు. ఒక వర్గం మీదికి ఇంకొక వర్గాన్ని ఉసిగొల్పే మాటలు కూడా అంతే. వ్యంగ్యం అధికారంలో ఉన్నవాడి పనిని, మాటను తప్పుపడుతుంది. ఆ తప్పు పట్టడం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, వ్యంగ్యమన్న ముద్ర తర్వాత తగిలించుకున్న సాకు అయి ఉంటుంది.

ఇంకో పరిమితి చూసేవాడి వైపు ఉంది. కొన్ని వీడియోలమీద లేబుళ్లు కనబడటం అలవాటైతే, లేనివన్నీ నిజమని అనుకోవడం మొదలవుతుంది. కాబట్టి లేబుల్ లేకపోవడం నిజానికి రుజువు కాదు. పన్ను, పోలింగ్, పరీక్షల వంటి కబురు నాయకుడి నోట వినగానే, అదే కబురు ఆ శాఖ వెబ్‌సైట్‌లోనో మర్నాటి దినపత్రికలోనో ఉందా అని చూసుకోవాలి. మంత్రి నిజంగా అలాంటి ప్రకటన చేస్తే ఒక్క క్లిప్‌లోనే ఉండదు, అక్కడ ఉన్న విలేకరులందరూ రాస్తారు.

అందరికన్నా ఎక్కువ బాధ్యత చేసినవాడిదే. వీడియో ఇంకొకరి చేతిలోకి వెళ్లాక దాన్ని పట్టుకోవడం ఎవరివల్లా కాదు, అందులో ఏం ఉండాలన్నది నిర్ణయించే అవకాశం అప్‌లోడ్ చేయడానికి ముందు మాత్రమే ఉంటుంది. వెటకారం చేసేవారు నవ్వించడం మానుకోనక్కర్లేదు. ఈ మాట ఆయన అనలేదని బొమ్మలోనే, అందరికీ చదవడానికి వీలుగా, మొదటి నుంచి చివరిదాకా రాసి మరీ నవ్వించాలి.